నల్ల సూటు వేసుకుంటే బ్లాక్ టై అయిపోదు

ప్రశ్న: సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో ఎంఎస్సీ ఫైనాన్స్‌లో చేరుతున్నాను. మొదటి నెల కార్యక్రమాల్లో స్వాగత విందుకు స్మార్ట్ క్యాజువల్, కంపెనీల వాళ్లతో పరిచయ సాయంత్రానికి బిజినెస్ క్యాజువల్, డిపార్ట్‌మెంట్ డిన్నర్‌కు బ్లాక్ టై అని రాశారు. అక్క పెళ్లికి కుట్టించిన నల్ల సూటు, నల్ల టై నా దగ్గరున్నాయి. అవి సరిపోతాయా? ఇక్కడ ఏవి కొనుక్కుని వెళ్లాలి?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: డిన్నర్‌కు సరిపోవు. బ్లాక్ టై అన్న మాటలోని టై, మెడ నుంచి వేలాడే టై కాదు, నల్ల బో టై. ఆ పేరు ఒక పూర్తి యూనిఫాంకు గుర్తు. కోటు, ప్యాంటు, చొక్కా, నడుము పట్టీ, బూట్లు ఎలా ఉండాలో అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. మిగతా రెండింటిలో మీ ఇష్టానికి కొంత చోటుంది, ఇందులో దాదాపు లేదు. అందుకే దీని సంగతే ముందు, కాస్త వివరంగా చెబుతాను.

ఈ కోటును ఇంగ్లండ్‌లో డిన్నర్ జాకెట్ అంటారు, అమెరికాలో టక్సీడో. మీ సూటు కోటు తీసి ఎదురుగా పెట్టుకోండి, తేడా సులువుగా అర్థమవుతుంది. మెడ నుంచి ఛాతీ మీదికి మడిచి ఉండే భాగం లాపెల్. మీ సూటులో అది కోటు బట్టతోనే ఉంటుంది, కాలర్‌తో కలిసే చోట బహుశా ఒక గాటు ఉంటుంది. డిన్నర్ జాకెట్‌లో లాపెల్ మీద నల్ల సిల్కు వేసి కుడతారు. దాని కొన భుజం వైపు మొనదేలి ఉంటుంది, లేదంటే గాటే లేకుండా ఒకే వంపుగా కిందికి దిగుతుంది. ముందు ఒకే బొత్తం, దానికీ సిల్కు చుట్టి ఉంటుంది. జేబులకు పైమూతలు ఉండవు. బట్ట నలుపు, లేదా దీపాల వెలుగులో నలుపులాగే కనిపించే ముదురు నీలం. ప్యాంటుకు పక్క కుట్టు వెంట నడుము నుంచి కింది అంచు దాకా లాపెల్ సిల్కుకు జతగా ఒక పట్టీ ఉంటుంది. బెల్టు లూపులు ఉండవు.

బెల్టు ఎందుకు ఉండదంటే, నడుముకు కమర్‌బండ్ కడతారు కాబట్టి. ఇది మన కమర్‌బందే, ఇక్కడున్న బ్రిటిష్ వాళ్లు మాటతో సహా పట్టుకెళ్లారు. దాని కింద బెల్టు బకిల్ ఉంటే ముందు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అందుకే ప్యాంటును భుజాల మీదుగా వెళ్లే బ్రేసెస్‌తో నిలుపుతారు. కమర్‌బండ్ అలంకారం కోసమే పెట్టింది కాదు. కోటుకు ఉన్న ఒక్క బొత్తం కింద, ప్యాంటు మొదలయ్యే చోట చొక్కా తెల్లటి త్రికోణంలా బయటపడుతుంది, దాన్ని కప్పడమే దీని పని. మడతలు పైవైపు తెరుచుకునేలా కట్టాలి. చాలామంది తిరగేసి కడతారు. లోపల వెయిస్ట్‌కోటు వేసుకునేటట్లయితే కమర్‌బండ్ అక్కర్లేదు.

చొక్కా తెల్లదే. ఛాతీ దగ్గర సన్న మడతలు గానీ, గరుకు నేతతో మరో పొర బట్ట గానీ ఉంటుంది. కాలర్ మామూలుగా కిందికి మడిచేదే. ముందు రెండు కొనలు మాత్రం పైకి లేచి ఉండే కాలర్, తోకకోటు వేసుకునే వైట్ టై అనే మరో యూనిఫాంది, దాన్ని తీసుకోవద్దు. చేతుల దగ్గర బొత్తాలకు బదులు కఫ్‌లింక్స్ పెట్టే మడత కఫ్‌లు ఉండాలి. కోటు వేసుకుని చేతులు కిందికి వదిలితే అర అంగుళం తెల్ల కఫ్ బయటికి కనిపించాలి. బో టై నల్ల సిల్కుది. కట్టుకోవడం వస్తే మంచిదే, రాకపోతే ముందే కట్టి అమ్మేది పెట్టుకున్నా తప్పులేదు. బూట్లు నల్లవి, లేసులవి, మెరిసేలా పాలిష్ చేసినవి. మేజోళ్లు పిక్క దాకా రావాలి, కూర్చున్నప్పుడు కాలి చర్మం కనిపిస్తే అంత ముస్తాబూ చెడుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మన దగ్గర పెళ్లి బట్టల దుకాణాల్లో టక్సీడో పేరుతో అమ్మే వాటిలో చాలావరకు రిసెప్షన్ సూట్లు. మెరూన్ వెల్వెట్, మెరిసే పూల డిజైన్, రంగు బో టై, నల్ల చొక్కా ఉంటాయి. పెళ్లికొడుక్కి అవి బాగానే ఉంటాయి. ఆ డిన్నర్‌లో మాత్రం అందరూ ఒకేలా ఉండాలన్నదే నియమం, కాబట్టి వాటితో మీరు వేరుగా నిలబడతారు. ఏడాదికి ఒకటి రెండుసార్లకు డిన్నర్ జాకెట్ కొనమని నేను చెప్పను. అక్కడ అద్దెకు ఇచ్చే దుకాణాలుంటాయి. డిన్నర్ తేదీ తెలియగానే బుక్ చేయండి, ఆఖరి వారంలో మీ సైజు దొరక్కపోవచ్చు. ఇక్కడే టైలర్ దగ్గర ఛాతీ, నడుము, మెడ చుట్టుకొలత, ప్యాంటు లోపలి కుట్టు పొడవు అంగుళాల్లో రాయించుకుని వెళ్లండి. అక్కడ కోటు సైజు ఛాతీ కొలతతో చెబుతారు. పొడవును బట్టి షార్ట్, రెగ్యులర్, లాంగ్ అని ఉంటాయి. మీరు 5 అడుగుల 7 అంగుళాల లోపైతే షార్ట్ అడిగి చూడండి, రెగ్యులర్ కోటు మీ మీద పొడవుగా వేలాడుతుంది. భుజం కుట్టు సరిగ్గా భుజం అంచున ఉండాలి. నడుమును, చేతుల పొడవును టైలర్ సరిచేయగలడు, భుజం చేయలేడు.

అద్దె వద్దనుకుంటే మంచి దారి ఇంకొకటి ఉంది. అక్కడి ఆహ్వానాల్లో చాలాసార్లు 'బ్లాక్ టై లేదా నేషనల్ డ్రెస్' అని ఉంటుంది. మీదాంట్లో లేకపోతే నిర్వాహకులకు ఒక మెయిల్ రాసి అడగండి. ఒప్పుకుంటే ఎంబ్రాయిడరీ లేని నల్ల బంద్‌గలా, అంటే మన టైలర్లు జోధ్‌పురి కోటు అనేది, దానికి జతగా నల్ల ప్యాంటు సరిపోతాయి. కాలర్ హుక్ పెట్టాక మెడకూ దానికీ మధ్య ఒక వేలు పట్టాలి. బిగుతైతే భోజనం ముగిసేదాకా ఇబ్బందే. వదులైతే కాలర్ ముందుకు ఒరిగి ఆకారం పోతుంది.

మీ నల్ల సూటు వృథా కాదు. 'లౌంజ్ సూట్' అని రాసిన ఆహ్వానాలు వస్తాయి, అంటే మామూలు సూటు, టై. 'బ్లాక్ టై ఆప్షనల్' అన్నా తెల్ల చొక్కాతో ఇదే వేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం చేయొద్దు, కోటును, ప్యాంటును విడదీసి వేరేవాటితో వాడొద్దు. ప్యాంటు ఎక్కువ ఉతుకులు పడి రంగు తగ్గుతుంది, కోటు అలాగే ఉంటుంది, ఆపైన రెండూ జత కుదరవు.

ఈ విడదీయాలన్న ఆలోచన బిజినెస్ క్యాజువల్ దగ్గరే వస్తుంది. సూటులోంచి టై తీసేసి, కోటును, ప్యాంటును వేర్వేరు బట్టలతో చేస్తే వచ్చేదే బిజినెస్ క్యాజువల్. ఉన్న సూటు కోటునే ఖాకీ ప్యాంటు మీద వేసుకుంటే పోలేదా అనిపిస్తుంది. పోతుంది గానీ చూసేవాళ్లకు తెలిసిపోతుంది. సూటు బట్ట నున్నగా, సన్నగా ఉంటుంది, కింద కాటన్ ప్యాంటు మొరటుగా ఉంటుంది. బ్లేజర్ బట్టలో నేత కంటికి కనిపిస్తుంది, అందుకే అది కాటన్‌తో కలుస్తుంది. మీరు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. నేవీ బ్లూ బ్లేజర్ ఒకటి, చినోస్ అనే కాటన్ ప్యాంట్లు రెండు (ఒకటి నేవీ, ఒకటి ఖాకీ), బూడిద రంగు ఫార్మల్ ప్యాంటు ఒకటి, లేత నీలం, తెలుపు చొక్కాలు నాలుగు, గోధుమ రంగు తోలు బూట్లు, అదే రంగు బెల్టు తీసుకోండి. నేవీ చినోస్ మీద నేవీ బ్లేజర్ వేయొద్దు, కుదరని సూటులా ఉంటుంది.

పరిచయ సాయంత్రానికి ఖాకీ చినోస్, లేత నీలం చొక్కా టక్ చేసి, పైన బ్లేజర్. టై లేకుండా పై బొత్తం విప్పితే మెత్తటి కాలర్ బ్లేజర్ కిందికి కుంగిపోతుంది. చాలామంది బిజినెస్ క్యాజువల్‌లో నలిగినట్టు కనిపించడానికి కారణం ఇదే. కాలర్ కొనలకు చిన్న బొత్తాలుండే బటన్‌డౌన్ చొక్కా కొంటే ఆ సమస్య ఉండదు. తెల్ల చొక్కా కింద తెల్ల బనియన్ గీతలు బయటికి తెలుస్తాయి, లేత బూడిద రంగుదైతే తెలియవు. బ్లేజర్‌కు రెండు బొత్తాలుంటే పైది మాత్రమే పెట్టుకోవాలి, కూర్చునేటప్పుడు అదీ విప్పాలి. జీన్స్, స్పోర్ట్స్ షూస్, మెరిసే పార్టీవేర్ చొక్కాలు ఈ సాయంత్రానికి వద్దు.

స్మార్ట్ క్యాజువల్‌కు పెద్దగా కొనాల్సింది లేదు. పైన చెప్పిన బట్టల్లోనే చినోస్ బదులు ముదురు నీలం జీన్స్ రావచ్చు, కానీ చిరుగులు, తెల్లబోయిన మరకలు లేనిది కావాలి. బ్లేజర్ బదులు సన్నటి ఉన్ని స్వెటర్, తోలు బూట్ల బదులు బొమ్మలు, రంగులు లేని శుభ్రమైన తెల్ల స్నీకర్స్ సరిపోతాయి. చొక్కా టక్ చేయాలా వద్దా అన్న అనుమానం వస్తే దాని కింది అంచు చూడండి. పక్కల పైకి లేచి ముందూ వెనకా తోకలా దిగితే టక్ చేయడానికి కుట్టింది. అంచు తిన్నగా ఉంటే బయటికి వదిలేయొచ్చు. రాతలున్న టీషర్టు, రన్నింగ్ షూస్ మాత్రం ఇక్కడా పనికిరావు.

అక్కడికి వెళ్లే అమ్మాయిలకు బ్లాక్ టై సులువు. పాదాల దాకా ఉండే గౌను ఎంత సరైనదో పట్టు చీర కూడా అంతే. బిజినెస్ క్యాజువల్‌కు ఫార్మల్ ప్యాంటు, మెడ మరీ దిగని టాప్, పైన బ్లేజర్ సరిపోతాయి. చీర కట్టే రోజు పైకి ఒక పొడవాటి కోటు ఉంచుకోవాలి, అక్టోబరు చలికి శాలువా చాలదు.

నల్ల బూట్లు ఇక్కడే కొనండి. మన సైజు నంబర్లు, బ్రిటన్ నంబర్లు ఒకటే. నున్నగా, ముందు డిజైన్ లేని నల్ల ఆక్స్‌ఫర్డ్ లేసుల బూట్ల జత ఒకటి ఉంటే సూటుకూ డిన్నర్‌కూ రెండింటికీ పనికొస్తుంది. బ్లేజర్ కొన్నాక వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా వేసిన దారం కత్తిరించండి, చేతి మీద కంపెనీ పేరుతో కుట్టిన గుడ్డ ముక్క కూడా తీసేయండి. దారం దుకాణంలో చీలిక ఆకారం చెడకుండా వేసేది, గుడ్డ ముక్క కంపెనీ పేరు కనిపించడానికి పెట్టేది, సూట్‌కేసులో సర్దేముందే తీసేస్తే అక్కడ కత్తెర వెతుక్కోనక్కర్లేదు.