7 శాతం డిపాజిట్‌లో నిజంగా మిగిలేదెంత?

"కావలి దగ్గర చెరువు అమ్మిన 10 లక్షలున్నాయి. 30 శాతం శ్లాబులో ఉన్నాను. డిపాజిట్టా, బాండ్లా, ఫండా?"

అన్నా, డిపాజిట్‌కి 7 శాతం అనుకుందాం. 70,000 వడ్డీలో సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను పోతే మిగిలేది 48,160. ధరలు 5 శాతం పెరిగితే ఇవాళ 10 లక్షలకొచ్చే సరుక్కి ఏడాది తర్వాత 10,50,000 కావాలి. అంటే అసలే కాస్త తరిగింది.

రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ బాండు 8.05 శాతం ఇచ్చినా పన్ను అదే శ్లాబులో. పన్నూ, ధరల పెరుగుదలా పోను మిగులు అర శాతం, పైగా 7 ఏళ్ల లాకిన్.

ఈక్విటీ ఫండ్‌లో పన్ను అమ్మినప్పుడే. ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షలు మించిన లాభం మీద 12.5 శాతం, ఆపైన సెస్సు. పదేళ్లపాటు సగటున 11 శాతం వస్తే, దానికి గ్యారంటీ లేదు గానీ, అన్నీ పోను ఏటా 4.8 శాతం దాకా మిగులుతుంది. మూడు నాలుగేళ్లలో ఖర్చుండే డబ్బు మాత్రం ఫండ్‌లో పెట్టకండి.