పాట పక్కనుండే ఏడాదిని నమ్మకు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యే రోజు ఫంక్షన్ హాల్లో వేయడానికి యాభైల నుంచి ఎనభైల దాకా దశాబ్దానికొక ప్లేలిస్ట్ చేస్తున్నానన్నావు. ఫోన్లో చెబితే ఒక చెవిన విని ఊరుకుంటావని రాసి పంపుతున్నాను.

ముందు ఒక సంగతి. పాటల యాప్‌లో ఆల్బమ్ పేరు కింద కనిపించే ఏడాది చాలాసార్లు సినిమా వచ్చిన ఏడాది కాదు. కంపెనీ ఆ పాటల్ని నెట్‌లో పెట్టిన సంవత్సరమో, ‘హిట్స్’ అని కలగూరగంప సీడీ వేసిన సంవత్సరమో అయ్యుంటుంది. నువ్వు దాన్ని చూసి సర్దితే ఘంటసాల పాటలు సగం 2000 తర్వాత తేలతాయి. ఆయన పోయిందేమో 1974లో! అందుకని పాట ఏ సినిమాదో తెలుసుకో, ఆ సినిమా ఎప్పుడు విడుదలైందో చూసుకో, అప్పుడే దశాబ్దంలో వెయ్యి. తెలుగు వికీపీడియాలో ఏడాది వారీగా సినిమాల జాబితాలున్నాయి, వాటిని పక్కన తెరిచి పెట్టుకో.

ఇక పాటలు వెతకడం. యాప్ వాళ్ళు తయారుచేసిన ‘పాత మధురాలు’ లాంటి జాబితాలతో మొదలుపెట్టు, కానీ మొత్తం తెచ్చి నీ దాంట్లో పోసుకోకు. ఏ జాబితా చూసినా దాదాపు అవే పాటలు తిరుగుతుంటాయి. వాటిని సినిమా పేర్లు పట్టుకోవడానికి మాత్రమే వాడుకో. అసలు సరుకు ఆల్బమ్‌లోనే ఉంటుంది.

మల్లీశ్వరినే తీసుకో. జాబితాలో ‘మనసున మల్లెల’ కనిపించింది. పాట మీద నొక్కి ఆల్బమ్‌లోకి వెళ్ళబోతే అది భానుమతి హిట్స్ సంకలనానికి తీసుకుపోవచ్చు. అలాంటప్పుడు సినిమా పేరుతో వెతకాలి. ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి Malliswari, Malleswari, Malleeswari మూడూ కొట్టి చూడు. అప్పుడు వెంకటేష్ సినిమా కూడా వస్తుంది, అది 2004 నాటిది, సంగీతం కోటి. నీకు కావలసింది 1951 నాటిది, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి. గాయకుల పేర్లలో భానుమతి, ఘంటసాల ఉంటే సరైన చోటే ఉన్నావన్నమాట. ఇక ఆ ఆల్బమ్‌ని పై నుంచి కింద దాకా విను. ‘ఆకాశవీధిలో’, ‘ఎందుకే నీకింత తొందర’, ‘పిలచిన బిగువటరా’ అన్నీ వరసగా దొరుకుతాయి. నన్నడిగితే ‘ఎందుకే నీకింత తొందర’ లేకుండా యాభైల జాబితా పూర్తికాదు, కానీ రెడీమేడ్ జాబితాల్లో దాన్ని చూడడం తక్కువ.

మాయాబజార్ (1957) దగ్గర ఇంకో తిరకాసు. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ అని వెతికితే అదే పేరుతో 2002లో వచ్చిన కీరవాణి సినిమా పాటలు ముందుకొస్తాయి. సరే, సినిమా పేరు కొట్టి వెళ్ళావనుకో, అదే ఏడాది తమిళంలోనూ తీశారు కాబట్టి తమిళ ఆల్బమ్ దొరకచ్చు. పేరూ అదే, పాడిందీ ఘంటసాల, లీలే, బాణీ కూడా అదే. బొమ్మ చూసీ గాయకుల పేర్లు చూసీ తేల్చలేవు. పాటల పేర్లు చదివో, పల్లవి ఒకసారి వినో తేల్చుకోవాలి. దేవదాసు కూడా అంతే, 1953లో రెండు భాషల్లోనూ వచ్చింది. పైగా 1974లో కృష్ణ హీరోగా ఇంకో దేవదాసు, రమేష్ నాయుడు సంగీతంతో. అది డెబ్బైల్లోకి పోవాలి.

ఇంకా కవర్లు, రీమిక్స్‌లు, కరోకేలు అడ్డొస్తాయి. గాయకుల పేరు చూసుకుంటే చాలావరకు వడపోసుకోవచ్చు. వెనక కొత్త డ్రమ్ములు కలిపిన వాటిలో మాత్రం పేర్లు పాతవే ఉంటాయి, చెవే దిక్కు.

రెండు దశాబ్దాల గట్టు మీద నిలబడే సినిమాలూ ఉంటాయి. శంకరాభరణం సంగతి చూడు. కొన్నిచోట్ల 1979 అని ఉంటుంది, జాతీయ అవార్డులు కూడా ఆ ఏడాదివే. థియేటర్లకొచ్చింది మాత్రం 1980 ఫిబ్రవరి 2న. విడుదల తేదీయే లెక్క అని ముందే అనుకున్నాం కాబట్టి ఎనభైల్లో వెయ్యి. హాల్లో ఎవరైనా పెద్దాయన వాదనకొస్తే ఈ తేదీ చెప్పు.

డెబ్బైల్లో మరో చరిత్ర (1978) మర్చిపోకు. మన విశాఖలో, భీమిలిలో తీసిన సినిమా, మీ నాన్నకు ఒక్క పాట సరిపోదు. అదీ తెలుగు ఆల్బమే అయ్యుండాలి, హిందీలో తీసినది వేరే ఉంది.

అన్నీ అయ్యాక నాలుగు ప్లేలిస్టులూ ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసి, నెట్ ఆపేసి ఒకసారి వేసి చూడు. బూడిదరంగులో కనిపించే పాటలుంటే అవి డౌన్‌లోడ్ కాలేదనో, యాప్ నుంచి తీసేశారనో అర్థం. నెట్ పెట్టి మళ్ళీ డౌన్‌లోడ్ చెయ్యి, అప్పటికీ రాకపోతే అదే పాట ఇంకో ఆల్బమ్‌లో వెతికి మార్చు. ఫంక్షన్‌కి ముందురోజు మళ్ళీ చూసుకో.

మీ మామయ్య