సెప్టిక్ ట్యాంకు కొలతలు ఎలా లెక్కించాలి?

ఇంట్లో 8 మందిమి. పొడవు, వెడల్పు, లోతు ఎంత ఉండాలి?

లోపలి కొలతలు 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల నీటి లోతు ఉంటే సరిపోతుంది. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున 800 లీటర్లు వస్తాయి. మలం అడుక్కి దిగడానికి ఆ నీరు 2 రోజులు నిలవాలి కాబట్టి 1,600 లీటర్లు. అడుగున చేరే మడ్డికి మనిషికి ఏడాదికి 40 లీటర్లు అనుకుంటే, మూడేళ్లకోసారి తోడించేవారికి మరో 960. మొత్తం 2,560 లీటర్లు. 8×3×4 అంటే 96 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28.3 లీటర్లు కాబట్టి దాదాపు 2,700.

చాలామంది పొరబడేది లోతు దగ్గరే. నీటి లోతు స్లాబు దాకా కాదు, బయటికి పోయే పైపు అడుగు అంచు దాకానే. పైన అడుగు ఖాళీ వదలాలి, అంటే లోపలి ఎత్తు 5 అడుగులు. 4 అడుగులకే స్లాబు వేస్తే నీటికి మిగిలేది 3 అడుగులు, సుమారు 2,040 లీటర్లు. మూడేళ్ల మడ్డి చేరాక నీరు ఒకటిన్నర రోజు కూడా నిలవదు. మలం ముక్కలు ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోయి దాన్ని మూసేస్తాయి. గోడ మందం కూడా ఈ కొలతల్లో కలపకండి.