క్యారీ వచ్చిందంటే ఓవర్‌ఫ్లో అయినట్టేనా?

ప్రశ్న: "మారతహళ్లిలో వీఎల్ఎస్ఐ కోర్సు చేస్తున్నాను. ఇంటర్వ్యూలో 8 బిట్ల సైన్డ్ సంఖ్యలు రెండు ఇచ్చి కూడమన్నారు. చివర్లో క్యారీ బయటికి వచ్చింది కాబట్టి ఓవర్‌ఫ్లో అన్నాను, తప్పన్నారు. మైనస్ సంఖ్యకు టూస్ కాంప్లిమెంట్ ఎలా రాయాలి, ఓవర్‌ఫ్లో ఎలా కనిపెట్టాలి, కాస్త తెలుగులో చెప్తారా?"

బెంగళూరులో డిజైన్ వెరిఫికేషన్ పనిలో ఉన్నాను. ఏఎల్‌యూ బ్లాకులు టెస్ట్ చేయడం నా రోజువారీ పనిలో భాగం. మా టీమ్‌లో చేరే తెలుగు పిల్లలకు ఇది ఎలా చెప్తానో మీకూ అలాగే చెప్తాను.

ముందు మైనస్ 37 రాద్దాం. 37 అంటే 00100101. బిట్లన్నీ తిరగేస్తే 11011010, దానికి 1 కలిపితే 11011011. ఇంతవరకు అందరూ చేస్తారు. వచ్చింది సరైనదో కాదో చూసుకోవడం మాత్రం చాలామంది వదిలేస్తారు. 8 బిట్లలో అన్నిటికన్నా ఎడమ బిట్ విలువ 128 కాదు, మైనస్ 128. మిగతావన్నీ మామూలే. అంటే 11011011 విలువ -128 + 64 + 16 + 8 + 2 + 1. లెక్కేస్తే -37. ఎడమ బిట్‌కు మైనస్ విలువ ఉందన్న ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా దాన్నించే వస్తుంది.

ఇంటర్వ్యూలో త్వరగా రాయాలంటే ఇంకో దారి ఉంది. కుడి నుంచి మొదలుపెట్టి మొదటి 1 వచ్చేదాకా, ఆ 1తో సహా, ఉన్నది ఉన్నట్టు దించేయండి. ఆ తర్వాతవన్నీ తిరగేయండి. 100 అంటే 01100100. కుడివైపు 100 అలాగే ఉంచి, మిగిలిన 01100ని తిరగేస్తే 10011. కాబట్టి మైనస్ 100 అంటే 10011100.

ఇప్పుడు మీ ఇంటర్వ్యూలో పడిన చిక్కు. మైనస్ 37కి 50 కలపండి.

```
  11011011   (-37)
+ 00110010   (50)
1 00001101   (13)
```

తొమ్మిదో బిట్‌గా క్యారీ బయటికి వచ్చింది. కానీ 8 బిట్లలో మిగిలింది 13, అదే సరైన జవాబు. ఓవర్‌ఫ్లో ఏమీ లేదు. ఇప్పుడు 100కి 50 కలపండి: 01100100 + 00110010 = 10010110. క్యారీ రాలేదు, జవాబు మాత్రం మైనస్ 106 అని చదవాలి. ఇక్కడ ఓవర్‌ఫ్లో అయింది, ఎందుకంటే 8 బిట్లలో పట్టే గరిష్ఠం 127. బయటికొచ్చే క్యారీ అన్‌సైన్డ్ సంఖ్యల సంగతి చెప్తుంది. సైన్డ్‌కు అదొక్కటే చూస్తే సరిపోదు.

మరి చూడాల్సిందేమిటి? ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయితే మొత్తం ఎప్పుడూ ఆ రెండింటి మధ్యే పడుతుంది, కాబట్టి ఓవర్‌ఫ్లోకు అవకాశమే లేదు. రెండూ ఒకే గుర్తువైతేనే భయం. రెండూ ప్లస్ అయితే సైన్ బిట్లు రెండూ 0. ఆ స్థానంలోకి కింది నుంచి క్యారీ వస్తేనే అది 1 అవుతుంది, బయటికి మాత్రం ఏమీ పోదు. రెండూ మైనస్ అయితే ఒకటీ ఒకటీ కలిసి క్యారీ తప్పకుండా బయటికి పోతుంది. లోపలికి క్యారీ రాకపోతే అక్కడ 0 మిగిలి జవాబు ప్లస్ అయిపోతుంది. అందుకే పుస్తకాల్లో ఉండే సూత్రం: సైన్ బిట్‌లోకి వచ్చిన క్యారీ, అక్కణ్ణించి బయటికి పోయిన క్యారీ వేరువేరుగా ఉంటే ఓవర్‌ఫ్లో. ఇంకోలా చెప్పాలంటే, కూడిన రెండింటి గుర్తు ఒకటే అయి, జవాబు గుర్తు వేరైతే ఓవర్‌ఫ్లో. రెండూ ఒకటే విషయం.

అసలు నేను ఎక్కువగా చెప్పాలనుకునేది తీసివేత గురించి. ఇంటర్వ్యూలలో అంతగా అడగరు కానీ పనిలో ఇక్కడే దెబ్బ తింటారు. `a - b` చేయాలంటే చాలామంది ముందు bని మైనస్ చేసి, తర్వాత కూడికకు వాడిన ఓవర్‌ఫ్లో సూత్రాన్నే పెడతారు. నేను టెస్ట్ చేసిన ఒక బ్లాక్‌లో సరిగ్గా ఇలాగే ఉంది. b విలువ మైనస్ 128 అయినప్పుడు ఇది పడిపోతుంది. 10000000ని తిరగేస్తే 01111111, ఒకటి కలిపితే మళ్లీ 10000000. ప్లస్ 128కి 8 బిట్లలో చోటే లేదు కదా.

5 నుంచి మైనస్ 128 తీసేయండి. నిజమైన జవాబు 133, అది పట్టదు, కాబట్టి ఓవర్‌ఫ్లో చూపించాలి. ఆ పద్ధతిలో 00000101 + 10000000 = 10000101. గుర్తులు వేరు కాబట్టి ఓవర్‌ఫ్లో లేదని చెప్తుంది. తప్పు. మైనస్ 5 నుంచి తీస్తే నిజమైన జవాబు 123, చక్కగా పడుతుంది. కానీ 11111011 + 10000000 చేస్తే రెండూ మైనస్, జవాబు 01111011 ప్లస్, కాబట్టి ఓవర్‌ఫ్లో అంటుంది. ఇదీ తప్పే. విచిత్రం ఏమిటంటే రెండుసార్లూ ఎనిమిది బిట్ల జవాబు సరిగ్గానే ఉంది, ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ ఒక్కటే అబద్ధం చెప్తోంది. b మైనస్ 128 అయితే a ఏదైనా సరే ఫ్లాగ్ తిరగబడే ఉంటుంది.

సరైన పద్ధతిలో ఆ 1ని విడిగా కలపరు. bని తిరగేసి, 1ని కూడికలోకి క్యారీ రూపంలో ఇస్తారు. గుర్తులు పోల్చేటప్పుడు తిరగేసిన బిట్‌నే చూస్తారు. కింద sub 1 అయితే తీసివేత, v అంటే ఓవర్‌ఫ్లో ఫ్లాగ్:

```
wire [7:0] y = sub ? ~b : b;
wire [7:0] s = a + y + sub;
wire v = (a[7] == y[7]) && (s[7] != a[7]);
```

5 ఉదాహరణ మళ్లీ వేయండి. y ఇప్పుడు 01111111. 00000101 + 01111111 + 1 = 10000101. రెండూ ప్లస్, జవాబు మైనస్. ఓవర్‌ఫ్లో దొరికింది.

ఈ తప్పు రాండమ్ టెస్టింగ్‌లో ఎందుకు దొరకదో కూడా చూడండి. 8 బిట్లలో b ఆ విలువే అయ్యే అవకాశం 256లో ఒకటి, కాసేపు నడిపితే తగులుతుంది. 32 బిట్లకు వెళ్తే 429 కోట్లలో ఒకటి. రాత్రంతా రిగ్రెషన్ నడిపినా అన్నీ పాస్ అనే వస్తాయి. అందుకే b స్థానంలో అతి చిన్న సంఖ్యను మనమే పెట్టి, a ప్లస్‌గా ఒకసారి, మైనస్‌గా ఒకసారి టెస్ట్ రాయాలి. aగా 0, -1 పెడితే చాలు.

సరైన ఫ్లాగ్ ఏదో తేల్చడానికి నేను వాడే పద్ధతి చాలా సులువు. రెండు సంఖ్యలనూ సైన్ బిట్ ఇంకోసారి రాసి 9 బిట్లు చేస్తాను. అప్పుడు మైనస్ 128 గుర్తు మార్చినా ప్లస్ 128కి చోటుంటుంది. లెక్క అయ్యాక ఎడమవైపు రెండు బిట్లు చూస్తాను. వేరుగా ఉంటే ఓవర్‌ఫ్లో. 133 వస్తే 010000101, మొదటి రెండూ వేరు. 123 వస్తే 001111011, రెండూ ఒకటే. 8 బిట్ల డిజైన్‌కైతే a, b జతలు మొత్తం 65,536 మాత్రమే, అన్నిటినీ ఈ 9 బిట్ల లెక్కతో పోల్చేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ ఉంటే ఈ రోజే పై మూడు లైన్లు పెట్టి నడపండి, తర్వాత `~b` తీసి `-b` పెట్టి, `+ sub` తీసేసి మళ్లీ నడపండి. సరిగ్గా 256 జతల దగ్గర ఫ్లాగ్ తేడా వస్తుంది.