దోర బొప్పాయి దగ్గర జాగ్రత్త, బుజ్జీ

బుజ్జీ, నీకు మూడో నెలని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే, నువ్వేదో వీడియో చూసి పచ్చి బొప్పాయి తురిమి సలాడ్ చేసుకుంటానన్నావని కూడా చెప్పింది. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్.

మామూలు వాళ్లకి పచ్చి బొప్పాయితో భయం లేదు, చెక్కు తీసి, పాలు కడిగి, ఉడికించి తింటాం కదా. రబ్బరు గ్లోవ్స్ పడనివాళ్లు మాత్రం వద్దనుకోవాలి. నీ సంగతి వేరు.

మీ అన్న కడుపులో ఉన్నప్పుడు నాకు ఐదో నెల. అమలాపురం దగ్గర మా అత్తగారింట్లో, కాలవగట్టు మీది చెట్టుకాయ ఒక పక్క పసుపుచార వచ్చిందని కోశాను. గింజలు నల్లగా ఉన్నాయి, పండిందే అనుకున్నాను. కండ మాత్రం తెల్లగా, గట్టిగా ఉంది. ఉప్పూకారం అద్దుకుని సగం కాయ తినేశాను. సాయంత్రానికి పొత్తికడుపు రాయిలా బిగుసుకోవడం, వదలడం, మళ్లీ బిగుసుకోవడం. అత్తగారు తిడతారని రాత్రి తొమ్మిదింటి దాకా నోరు విప్పలేదు, అసలు తప్పు అదే తల్లీ! ఆసుపత్రికి తీసుకెళ్తే తెల్లారేసరికి తగ్గింది. కాయవల్లేనని చెప్పలేమన్నారు డాక్టరమ్మ. నెలలు నిండాకే మీ అన్న పుట్టాడు గానీ, ఆ రాత్రి నన్ను ఇంకా వదల్లేదు.

గింజ నల్లబడినా కాయ పచ్చిగానే ఉండొచ్చు. తొక్క మీద గోరుతో గీకు, తెల్లగా పాలు చుక్క కట్టాయంటే పండనట్టే. ఆ పాలలోనే పపైన్ అనే పదార్థం ఉంటుంది, మాంసంలో ఈ కాయముక్క వేస్తే మెత్తబడేది అందుకే. 2002లో అచ్చయిన ఒక పరిశోధనలో ఎలుకల గర్భసంచి మీద ఈ పాలు వేసి చూస్తే, నొప్పుల కోసం ఇచ్చే ఆక్సిటోసిన్ మందులాగే అది బిగుసుకుంది. బాగా పండిన పండు రసానికి అలా కాలేదు. కడుపుతో ఉన్న మనుషుల మీద అలాంటి పరీక్ష చేయరు కదా, అందుకే ఎంత తింటే ప్రమాదమో లెక్క లేదు, మానేయమంటారు. ఉడికిస్తే దాని బలం తగ్గుతుంది, కానీ ఎంత తగ్గిందో గిన్నెలో చూసి చెప్పలేం, కాబట్టి కూరా వద్దు. మెత్తగా, లోపలంతా ఎర్రగా పండిందైతే కాస్త తినొచ్చు, అయినా మీ డాక్టర్ని అడుగు.

ఇప్పటికే ఒక ముక్క తిన్నావా? ఏడవకు, ఒక ముక్కతో గర్భం పోతుందని ఎవరూ చెప్పలేరు. కడుపు బిగుసుకున్నా, నెత్తురు మరక కనబడినా మాత్రం నాలా దాచకుండా అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లు.

వచ్చే నెల వస్తున్నావుగా, నీకు అరటికాయకి ఆవ పెట్టి వండుతాను. ఇవాళ రాత్రి ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ