జేబులో ఫోను ఉన్నప్పుడు వాచీకి వేరే సిగ్నల్ దేనికి?

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు నాలుగు ఎకరాల రొయ్యల చెరువులు ఉన్నాయి. నా ఐఫోనుకు జతగా యాపిల్ వాచీ కొనాలనుకుంటున్నాను. షాపులో వైఫై మోడల్ రూ.46,900, సెల్యులర్ మోడల్ రూ.56,900 అంటున్నారు. సెల్యులరే మంచిదని, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐలో కట్టవచ్చని హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. ఫోను మాత్రం నేను దాదాపు ఎప్పుడూ వదలను. ఏది తీసుకోమంటారు?

జవాబు: వైఫై మోడల్ తీసుకోండి. ఫోను వదలనని మీరే రాశారు కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను. ఆ ఒక్క మాట లేకపోతే నా జవాబు ఇంత తేలికగా ఉండేది కాదు.

వాచీ బయటి ప్రపంచంతో ఎలా మాట్లాడుతుందో తెలిస్తే విషయం స్పష్టమవుతుంది. ఫోను దగ్గరలో ఉన్నంతసేపు వాచీ బ్లూటూత్ ద్వారా ఫోనునే వాడుకుంటుంది. ఈ బ్లూటూత్ పట్టు సుమారు పది మీటర్లు, గోడలు అడ్డం వస్తే ఇంకా తక్కువ. అది తెగిపోతే, ఫోనుకు ముందే తెలిసిన వైఫై ఏదైనా అందుతుందేమో చూస్తుంది. రెండూ లేనప్పుడు మాత్రమే సెల్యులర్ మోడల్ తన సొంత సిగ్నల్ అందుకుంటుంది. అంటే ఫోను మీ చొక్కా జేబులో ఉన్నంతకాలం, మీరు పది వేలు ఎక్కువ పెట్టి కొన్న ఆ భాగం పనిలేకుండా పడి ఉంటుంది. గుండె వేగం కొలవడం, నడిచిన దారి చూపే జీపీఎస్, మనిషి పడిపోతే గుర్తించడం, మణికట్టు మీద కాల్ మాట్లాడటం వంటివన్నీ రెండు మోడళ్లలోనూ ఉంటాయి. ‘వైఫై మోడల్’ అన్న పేరు విని అది ఇంట్లోనే పనిచేస్తుందేమోనని చాలామంది భయపడుతున్నారు. ఫోను పక్కన ఉంటే గట్టు మీదైనా, భీమవరం బజారులోనైనా అది మామూలుగానే పనిచేస్తుంది.

మీ వృత్తిలో వాచీ నిజంగా అక్కరకొచ్చే ఘడియ ఒకటుంది. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎలాగూ పడిపోయి ఉంటుంది కాబట్టి, జనరేటరు వేయడం ఆలస్యమైతే పంట ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. చెరువు గట్టు మీది మకాం నుంచి కాపలా మనిషి ఫోను చేస్తాడు. మీ ఫోను మంచం పక్కన మూగగా ఉన్నా, మణికట్టు మీద వాచీ అదురుతుంది, మెలకువ వస్తుంది. ఫోను అదే గదిలో ఉంది కాబట్టి దీనికి సెల్యులర్ అవసరం లేదు. వాచీ కొనడానికి మీకు ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించలేదు. ఆ కారణం వైఫై మోడల్‌తోనే తీరుతుంది.

అయినా మీ అబ్బాయి మాటను ఊరికే తోసిపుచ్చవద్దు. కొనేముందు పద్నాలుగు రోజులు చిన్న పుస్తకంలో ఒక లెక్క రాయండి. ఫోను మీకు పది మీటర్ల కంటే దూరంగా ఉన్న ప్రతిసారీ ఎక్కడ ఉన్నారు, ఎంతసేపు ఉన్నారు, ఆ సమయంలో కాల్ చేయాల్సిన లేదా అందుకోవాల్సిన పని నిజంగా పడిందా అని మూడు ముక్కలు రాస్తే చాలు. కిందటేడాది పాలకొల్లు నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక ఉపాధ్యాయిని చేత ఇలాగే రాయించాను. రెండు వారాల్లో తొమ్మిది సందర్భాలు తేలాయి. ఆరుసార్లు ఆవిడ డాబా మీదనో పెరట్లోనో ఉన్నారు, అక్కడికి ఇంటి వైఫై అందుతుంది. రెండుసార్లు గుడిలో ఉన్నారు, అక్కడ ఆవిడ కావాలనే ఫోను తీసుకెళ్లరు. ఒక్కసారి మాత్రం కూరగాయల దుకాణంలో ఫోను మరిచిపోయి పది నిమిషాల్లో వెనక్కి వెళ్లి తెచ్చుకున్నారు. ఆ తొమ్మిదింటిలో వాచీకి సొంత సిగ్నల్ ఉండి తీరాల్సిన సందర్భం ఒక్కటీ లేదు. పుస్తకం మూసేసరికి ఏ మోడల్ కొనాలో ఆవిడే నాకు చెప్పారు.

ఇంటి వైఫై విషయంలో ఒక జాగ్రత్త. ఫోను లోపల ఉండి మీరు పెరట్లో ఉంటే సందేశాలు వైఫై మీదుగా వాచీకి వచ్చేస్తాయి. కాల్స్ కూడా అలాగే రావాలంటే మీ ఆపరేటరు వైఫై కాలింగ్ ఇస్తూ ఉండాలి, ఫోనులో అది ఆన్ చేసి ఉండాలి. కొన్న రోజే పరీక్షించుకోండి. ఫోను ఇంట్లో వదిలి పెరటి చివరికి నడిచి, వాచీలో కంట్రోల్ సెంటర్ తెరవండి. ఆకుపచ్చ ఫోను గుర్తు ఉంటే ఇంకా బ్లూటూత్ మీదే ఉన్నట్టు. అది పోయి నీలిరంగు వైఫై గుర్తు కనిపిస్తే వాచీ వైఫైకి మారినట్టు. అప్పుడు ఇంట్లోవారిని మీ నంబరుకు కాల్ చేయమని చూడండి.

ఫోను ఇంట్లో పెట్టి, వాచీ ఒక్కటీ కట్టుకుని హాయిగా తిరగవచ్చన్న ఊహ మీద సెల్యులర్ వాచీలు అమ్ముడవుతాయి. మన దగ్గర ఆ ఊహ టీ కొట్టు దగ్గరే ఆగిపోతుంది. టీకైనా, మేత బస్తాలకైనా, పెట్రోలుకైనా మనం క్యూఆర్ స్కాన్ చేసి డబ్బు కడుతున్నాం. మీరు కొనబోయే వాచీకి కెమెరా లేదు, స్కాన్ చేయలేదు. నరసాపురంలో గోదావరి దాటే పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లి రావాలన్నా జేబులో ఫోనైనా ఉండాలి, చిల్లరైనా ఉండాలి. మీరు ఫోను వదలకపోవడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు. మీ జేబు, మీ పర్సు రెండూ ఇప్పుడు అదే.

ఇక డబ్బు లెక్క. రెండు మోడళ్ల మధ్య తేడా పది వేలు అనిపిస్తుంది కానీ అది అక్కడితో ఆగదు. సెల్యులర్ వాచీలోని ఈ-సిమ్‌కు కొన్ని ప్లాన్లలో నెలనెలా అదనపు రుసుము ఉంటుంది. మీ ఆపరేటరును అడిగి అసలు అంకె తెలుసుకోండి. ఉదాహరణకు నెలకు వంద రూపాయలు అనుకుందాం. పద్దెనిమిది శాతం జీఎస్టీతో అది రూ.118 అవుతుంది. వాచీని నాలుగేళ్లు వాడితే నలభై ఎనిమిది నెలలకు రూ.5,664. ముందు పెట్టిన పది వేలతో కలిపితే రూ.15,664. పద్నాలుగు రోజుల పుస్తకంలో మీకు ఒక్క సందర్భమే తేలిందనుకుందాం. ఆ లెక్కన ఏడాదికి ఇరవై ఆరు, నాలుగేళ్లకు సుమారు నూట నాలుగు. ఒక్కో సందర్భానికి మీరు కడుతున్నది దాదాపు నూట యాభై రూపాయలు. ఆ సందర్భం ప్రాణం మీదికి వచ్చేదైతే నూట యాభై చాలా చవక. మరిచిపోయిన ఫోను కోసం వెనక్కి నడవడమే అయితే చాలా ఖరీదు.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా చెప్పాలి. అందులో వడ్డీ ఉంటుంది, ఆ మేరకు ధరలో తగ్గింపు ఇచ్చినట్టు చూపిస్తారు. బ్యాంకు పదిహేను శాతం వడ్డీ వేస్తుందనుకుంటే, పన్నెండు నెలల్లో మీరు కట్టే రూ.56,900లో సుమారు రూ.4,370 వడ్డీ కిందే పోతుంది. అది తగ్గింపులో సర్దుబాటైనా, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, అంటే దాదాపు రూ.786, మీ కార్డు బిల్లులోకి వస్తుంది. ప్రాసెసింగ్ రుసుము వేరు. మొత్తం వెయ్యి రూపాయల దాకా పోతుంది, నగదుకు దొరికే తగ్గింపూ పోతుంది. కానీ నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ వెయ్యి కాదు. మీ ఆదాయం రొయ్యల పట్టుబడి అయ్యాక ఒక్కసారిగా వస్తుంది, వాయిదా మాత్రం ప్రతి నెలా తలుపు తడుతుంది. రొయ్య సైజు రాని పంటలోనో, ధర దిగిన నెలలోనో వాయిదా తప్పితే కార్డు మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడవచ్చు. వాచీ కోసం ఆ బరువు ఎత్తుకోవద్దు.

ఇప్పుడు మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలలో చూడటానికి గట్టు చుట్టూ తిరిగేటప్పుడు, ఏరేటరు సరిచేయడానికి నీటిలో దిగేటప్పుడు ఫోను ఎక్కడ ఉంటుంది? తడుస్తుందని మకాంలో పెట్టి వెళుతున్నారా? నాలుగు ఎకరాల చెరువు అవతలి గట్టుకు బ్లూటూత్ అందదు. అక్కడ కాలు జారి పడితే, దగ్గర ఫోను లేక, తెలిసిన వైఫై లేక వైఫై మోడల్ ఎవరికీ కాల్ చేయలేదు. రాత్రిళ్లు ఒంటరిగా అలా దిగే అలవాటు ఉంటే, మీ పుస్తకంలో ఆ వరుసలు ఎక్కువగా కనిపిస్తే, నా సలహా మారుతుంది. అయినా ముందు కొన్ని వందల రూపాయలకు దొరికే నీరు చొరని సంచీ కొని, ఫోనును నడుముకు కట్టుకుని వారం రోజులు చూడండి. దానితో సర్దుకుంటే వైఫై మోడలే చాలు. కుదరకపోతే సెల్యులర్ తీసుకోండి, ఆ పది వేలు వృథా అని నేను అనను.

అలా తీసుకునేటట్లయితే డబ్బు కట్టకముందే రెండు పనులు చేయండి. మీ ఫోను నంబరు ఏ ఆపరేటరుదో, వాచీ సేవ కూడా ఆ ఆపరేటరే ఇవ్వాలి. మీ ప్లానుకు, అది ప్రీపెయిడ్ అయినా పోస్ట్‌పెయిడ్ అయినా, ఆ సేవ ఉందో లేదో వారి దుకాణంలోనే అడగండి. తరువాత అవతలి గట్టు మీద నిలబడి ఫోనులో సిగ్నల్ చూడండి. వాచీ యాంటెన్నా ఫోను యాంటెన్నా కంటే చిన్నది కాబట్టి, ఫోనుకే ఒక గీత వచ్చే చోట వాచీని నమ్ముకోలేం. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకుందామని కూడా అనుకోవద్దు. దేశాన్ని బట్టి సెల్యులర్ వాచీల నెట్‌వర్క్ బ్యాండ్లు మారుతుంటాయి. అక్కడ బాగా పనిచేసిన వాచీ ఇక్కడి టవరును అందుకోకపోవచ్చు.

తొందరేమీ లేదు. వచ్చే పట్టుబడి అయ్యాక, మేత బాకీ, రొయ్య పిల్లల బాకీ తీర్చి మిగిలిన డబ్బుతో నగదుగా కొనండి. ఆలోపు పద్నాలుగు రోజుల పుస్తకం ఎలాగూ పూర్తవుతుంది.