లేఖ పేజీ నిండా ఉన్నా మార్కులు ఎందుకు పోతాయి?

ప్రశ్న: మావాడు శ్రీకాకుళంలో పదో తరగతి. తెలుగు పేపర్లో లేఖ పేజీ నిండా రాస్తాడు. తేదీ, చిరునామా అన్నీ పెడతాడు. అయినా సగం మార్కులే వస్తున్నాయి. ఇంట్లో నేను దిద్దాలంటే ఏం చూడాలి?

జవాబు: నేను విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మీవాడు తేదీ, చిరునామా పెడుతున్నాడంటే మార్కులు పోయేది అక్కడ కాదు, మధ్యలో. కాబట్టి లేఖ చేతిలోకి తీసుకునే ముందు ప్రశ్న చదవండి. అందులో అడిగిన ముక్కల కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీతలకు జవాబు లేఖలో ఎక్కడుందో వెతకండి.

మా క్లాసులో ఇచ్చిన ప్రశ్న ఇది: మీ వీధిలో కొన్ని రోజులుగా దీపాలు వెలగడం లేదు. ఇబ్బందులు వివరిస్తూ, బాగుచేయించమని మున్సిపల్ కమిషనరుకు లేఖ రాయండి. (విజయనగరం మూడు లాంతర్ల పేరుతో ఒక కూడలే ఉన్న ఊరు కదా, దీపాల మీద రాయించడం నాకో సరదా.) ఒక కుర్రాడు ఇలా రాశాడు:

"గౌరవనీయులైన కమిషనరు గారికి, నేను ఇక్కడ క్షేమం. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. వెలుగు మనిషికి చాలా ముఖ్యం. వెలుగు లేకపోతే ఏ పనీ జరగదు. మా వీధిలో లైట్లు ఎలగట్లేదు. మీరు అసలు పట్టించుకోవడం లేదు. వెంటనే వెయ్యాలి."

ఇప్పుడు గీతలు చూద్దాం. ఏ వీధి? లేదు. ఎన్నాళ్ళుగా? లేదు. ఇబ్బందులు? ఒక్కటీ లేదు. ఆ చోటంతా వెలుగు గొప్పతనం ఆక్రమించింది. అది వ్యాసానికి పనికొచ్చే ముక్క. ఏం కావాలో చెప్పాడు గానీ, అడగాల్సిన చోట ఆజ్ఞాపించాడు. అంటే ప్రశ్నలోని విషయం ఒక్క వాక్యంలో అయిపోయింది. పేజీ ఎంత నిండినా దిద్దేవాళ్ళకు ఆ ఒక్క వాక్యమే కనిపిస్తుంది.

ఇక తీరు. క్షేమ సమాచారం స్నేహితుడికి రాసే లేఖలోది. అధికారికి రాసేదాంట్లో దాన్ని పూర్తిగా కొట్టేయించండి. "పట్టించుకోవడం లేదు" అని నిందించే బదులు జరిగింది చెబితే చాలు. "ఎలగట్లేదు" మన వైపు నోట బాగుంటుంది, నేనూ ఇంట్లో అలాగే అంటాను. పేపర్లో మాత్రం "వెలగడం లేదు" అనే ఉండాలి. అతివినయం కూడా ఒక దోషమే. "తమ పాదపద్మములకు" అని మొదలుపెట్టి రెండో వాక్యంలో "లైట్లు వెయ్యాలి" అంటే నవ్వొస్తుంది. "తమకు వ్రాయునది ఏమనగా" అని మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. కానీ అలా ఎత్తుకున్నవాడు చివరిదాకా ఆ భాషలోనే వెళ్ళగలగాలి. లేకపోతే మామూలు వాడుక భాషే మేలు.

అదే కుర్రాడితో మళ్ళీ రాయిస్తే ఇలా వచ్చింది:

"మా కోనేటి వీధిలో పది రోజులుగా ఆరు వీధి దీపాలు వెలగడం లేదు. సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు, ఆడవాళ్ళు చీకట్లో నడవడానికి భయపడుతున్నారు. రోడ్డు మీది గుంత కనపడక మొన్న ఒక పెద్దాయన పడిపోయారు. దయచేసి పాడైన దీపాలు మార్పించవలసిందిగా కోరుతున్నాను."

నాలుగే వాక్యాలు. వీధి పేరు, రోజులు, దీపాల లెక్క అన్నీ ఊహించినవే. పరీక్షలో అలా ఊహించుకోవచ్చు, ఊహించాలి కూడా.

ఎవరికి రాశాడో కూడా చూడండి. ప్రశ్నలో అధికారి పేరు ఇస్తే పేచీ లేదు. "సంబంధిత అధికారికి" అని వదిలేస్తేనే పిల్లలు తికమకపడతారు. వీధి దీపం పట్టణంలో అయితే మున్సిపాలిటీది, పల్లెలో అయితే పంచాయతీది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే విద్యుత్ శాఖకు రాయాలి.

రూపం చివర్లో ఒక్క చూపుతో తేలిపోతుంది. స్థలం, తేదీ, ఎవరికి, విషయం, సంబోధన, "ఇట్లు, తమ విధేయుడు", చిరునామా ఉన్నాయా అంతే. ఏది ఎడమ, ఏది కుడి అన్నదాంట్లో మాస్టారుకీ మాస్టారుకీ తేడా ఉంటుంది. మీవాడి బడిలో నేర్పిన పద్ధతే ఉంచండి, మీరు మార్చకండి. "విషయం" పంక్తి మాత్రం విడిగా చదవండి. "విషయం: దీపాల గురించి" అంటే చాలదు. "కోనేటి వీధిలో పాడైన వీధి దీపాలు మార్పించుట గురించి" అని ఉండాలి. ఆ పంక్తి సరిగా రాయలేకపోతున్నాడంటే ప్రశ్న అర్థం కాలేదన్నమాట. అప్పుడు లేఖ దిద్దడం ఆపి, ప్రశ్న మళ్ళీ చదివించండి.

ఇంకొకటి, పబ్లిక్ పరీక్షలో ఇట్లు కింద సొంత పేరు, బడి పేరు రాయకూడదు. ప్రశ్నలో పేరు ఇస్తే అదే రాయాలి, ఇవ్వకపోతే క్ష క్ష క్ష అని పెట్టమనండి. ఇంట్లో రాసేటప్పుడు కూడా అలాగే రాయించండి, లేకపోతే ఆ రోజు చెయ్యి అలవాటుగా సొంత పేరే రాసేస్తుంది.